బ్రాండు పేరుకు హద్దు ఎక్కడ?



కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళు ట్రేడ్‌మార్క్ గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. “పేరు రిజిస్టర్ చేయించాక ఆ పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదు కదా?” అని అడుగుతారు. కాదని చెబితే ఆశ్చర్యపోతారు. అంత ఖర్చుపెట్టి రిజిస్ట్రేషన్ ఎందుకని నిట్టూరుస్తారు. నిజానికి రిజిస్ట్రేషన్‌తో గట్టి హక్కే వస్తుంది. అయితే దానికి హద్దులున్నాయి. ఆ హద్దు ఎక్కడ పడుతుందో, ఎవరు గీస్తారో ఈ పూట చెప్పుకుందాం. దరఖాస్తు పెట్టేముందే ఇది తెలిస్తే, పేరు ఎంచుకునే పద్ధతే మారిపోతుంది.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక వ్యాపారాన్ని ఊహించుకుందాం. సిద్దిపేట దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ళు మామిడికాయ తొక్కు, గోంగూర పచ్చడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి చేసి సీసాల్లో, ప్యాకెట్లలో అమ్ముతున్నారు. బ్రాండుకు ‘తంగేడు’ అని పేరు పెట్టాలనుకున్నారు. ఇది కేవలం ఉదాహరణకు అనుకున్న పేరు. వాళ్ళ ముందున్న ప్రశ్నలు మూడు. ఈ పేరును పోలినది ఇప్పటికే ఉందా? ఏ క్లాసులో రిజిస్టర్ చేయించాలి? రిజిస్టరయ్యాక ఎవర్ని ఆపగలరు, ఎవర్ని ఆపలేరు?

ముందుగా పోలిక సంగతి. రెండు పేర్లను కాగితం మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసి, “తేడా ఉంది, ఫరవాలేదు” అనుకుంటారు చాలామంది. చట్టం అలా చూడదు. దుకాణంలో కొనేవాడి దగ్గర రెండు సీసాలూ ఒకేసారి ఉండవు. ఆరు నెలల కిందట కొన్న సీసా పేరు అతనికి లీలగా గుర్తుంటుంది. ఆ గుర్తుతో వచ్చి, ఈ రెండో సీసాను చూసి, “అదే ఇది” అనుకుంటాడా, లేదా? న్యాయస్థానం అడిగే ప్రశ్న ఇదే.

ఈ దృష్టికి మన దేశంలో పునాది వేసిన తీర్పుల్లో 1962 నాటి అమృతధార కేసు ఒకటి. ‘అమృతధార’ పేరుతో ఒక మందు 1900ల తొలి సంవత్సరాల నుంచి అమ్ముడవుతోంది. తలనొప్పి, అతిసారం లాంటి వాటికి వాడే మందు. అలాంటి మందునే మరొకరు 1923 నుంచి ‘లక్ష్మణధార’ పేరుతో ఉత్తరప్రదేశ్‌లో అమ్ముతూ, తర్వాత రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టారు. ‘ధార’ అందరికీ తెలిసిన మాటే కదా, దాన్ని పక్కన పెడితే ‘అమృత’కీ ‘లక్ష్మణ’కీ పోలికేముందని వాళ్ళ వాదన. సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకోలేదు. కొనేవాడు పేరును ముక్కలుగా విడగొట్టి అర్థాలు వెతకడు, మొత్తం పేరు చెవికి ఎలా వినబడిందో, మనసులో ఎలా నిలిచిందో అదే లెక్క అంది. ఈ మందు కొనేవాళ్ళలో పల్లెవాళ్ళూ, పట్నంవాళ్ళూ, చదువుకున్నవాళ్ళూ, చదువురానివాళ్ళూ అందరూ ఉంటారని గుర్తుచేసింది. మామూలు తెలివి, అసంపూర్ణమైన జ్ఞాపకం ఉన్న మనిషిని కొలబద్దగా తీసుకుని, రెండు పేర్లూ తికమక పెట్టేంత దగ్గరగా ఉన్నాయని తేల్చింది.

అంతటితో ఆ తీర్పు అయిపోలేదు. లక్ష్మణధార అమ్ముడవుతున్న సంగతి అమృతధార వాళ్ళకు తెలుసు. తెలిసీ ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. అందుకని, పోలిక ఉన్నా సరే, ఉత్తరప్రదేశ్‌లో అమ్మకాల వరకు లక్ష్మణధారకు రిజిస్ట్రేషన్ ఇవ్వవచ్చని కోర్టు చెప్పింది. ఇప్పుడున్న 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలో కూడా ఇలాంటి నియమం ఉంది. మీ పేరును పోలిన రిజిస్టర్డ్ మార్కును ఇంకొకరు వాడుతున్నారని తెలిసి అయిదేళ్ళు వరసగా ఊరుకుంటే, తర్వాత ఆపమని అడిగే హక్కు పోతుంది. అవతలివాళ్ళు దురుద్దేశంతో రిజిస్టర్ చేయించుకున్నారని చూపగలిగితేనే మినహాయింపు.

ఇక మన అక్కచెల్లెళ్ళ దగ్గరికి వద్దాం. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా పేర్లు వెతకవచ్చు. వాళ్ళు Tangedu అని ఒక్కసారి కొట్టి, ఏమీ రాలేదని సంబరపడకూడదు. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు రాస్తారు. కాబట్టి Thangedu, Thangaedu, Tangedi కూడా చూడాలి. రిజిస్ట్రీలో అక్షరాలను బట్టి వెతికే పద్ధతితో పాటు ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతి వేరే ఉంది, బొమ్మలున్న లోగోల కోసం ఇంకొకటి ఉంది. ఉచ్చారణ వెతుకులాట తప్పనిసరిగా చేయాలి. ఈరోజుల్లో పచ్చళ్ళ ఆర్డర్లు ఎన్నో ఫోన్లోనే వస్తాయి. ఫోన్లో అక్షరాలు కనబడవు, వినబడేది పేరే. అలాగే ఒక్క క్లాసులోనే వెతికి ఆగకూడదు. ఎందుకు ఆగకూడదో తెలియాలంటే అసలు క్లాసంటే ఏమిటో తెలియాలి.

లోకంలో ఉన్న సరుకులనూ సేవలనూ 45 క్లాసులుగా విభజించారు. ఒకటి నుంచి 34 దాకా సరుకులు, 35 నుంచి 45 దాకా సేవలు. 1957లో కుదిరిన నీస్ ఒప్పందం ప్రకారం వచ్చిన విభజన ఇది. మనం వంటింట్లో ఒకే అరలో పెట్టుకునేవి ఇందులో వేరువేరు చోట్ల పడతాయి. నిల్వ పచ్చళ్ళు 29లోకి వస్తాయి. కారం పొడులు, మసాలాలు 30లోకి వస్తాయి. ఆ 29లోనే పచ్చళ్ళ పక్కన పాలు, నెయ్యి, వంటనూనెలు, మాంసం, చేపలు ఉంటాయి. ఆ 30లో పొడుల పక్కన కాఫీ, టీ, బియ్యం, తేనె, మిఠాయిలు ఉంటాయి. రేపు వీళ్ళు కర్రీ పాయింట్ తెరిస్తే అది 43. ఇతర కంపెనీల సరుకులు కూడా పెట్టి దుకాణం నడిపితే, ఆ దుకాణం సేవ 35.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ‘క్లాస్ 29లో రిజిస్ట్రేషన్ వచ్చింది, ఇక క్లాస్ 29 అంతా నాదే’ అనుకుంటారు. క్లాసులు రిజిస్ట్రీ ఆఫీసులో ఫైళ్ళు పెట్టుకునే బీరువాల్లాంటివి. ఫైలు ఏ బీరువాలో ఉందన్నది వెతుక్కోవడానికి పనికొస్తుంది, అంతేగాని బీరువా మొత్తం ఆ ఫైలు గలవాడిదైపోదు. ఈ మాట సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పిన కేసు మన హైదరాబాద్ పేరుతోనే ముడిపడి ఉంది.

హైదరాబాద్‌కు చెందిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ సిగరెట్లు తెలియనివాళ్ళు ఒకప్పుడు లేరు. ఆ కంపెనీ ‘చార్మినార్’ మార్కును క్లాస్ 34లో ‘తయారుచేసిన పొగాకు’ అనే విశాలమైన మాటతో రిజిస్టర్ చేయించుకుంది. వాడింది మాత్రం సిగరెట్ల మీదే. విష్ణుదాస్ అనే వ్యాపారి నమిలే పొగాకు రకాలైన జర్దా, కిమామ్‌లకు అదే పేరుతో రిజిస్ట్రేషన్ కోరాడు. తయారుచేసిన పొగాకు అన్న మాటలో జర్దా కూడా వస్తుంది కదా, అది మాకు చెందిన పేరు అని కంపెనీ అడ్డుపడింది. 1996లో సుప్రీంకోర్టు ఆ వ్యాపారి వైపు తీర్పు చెప్పింది. విశాలమైన మాట రాయించుకుని, అందులో ఒక్క వస్తువునే అమ్ముతూ, మిగతావి తయారుచేసే ఉద్దేశం కూడా లేనివాడు మొత్తం జాబితాను గుప్పిట్లో పెట్టుకుంటానంటే కుదరదంది. కంపెనీ రిజిస్ట్రేషన్‌ను సిగరెట్ల వరకే కుదించడాన్ని సమర్థించింది.

ఈ తీర్పు మన అక్కచెల్లెళ్ళకు నేరుగా వర్తిస్తుంది. దరఖాస్తులో సరుకుల వివరణ రాసేచోట క్లాస్ 29 శీర్షిక కింద ఉన్న మాంసం, చేపలు, పాలు, నూనెలు అన్నీ దించేద్దామనిపిస్తుంది. ఎక్కువ రాస్తే ఎక్కువ రక్షణ వస్తుందన్న ఆశ. దానివల్ల రెండు నష్టాలు. చేపలు అమ్మేవాడికీ, పాలు అమ్మేవాడికీ వీళ్ళతో పని లేకపోయినా, ఆ మాటలు చూసి వాళ్ళు అభ్యంతరాలతో వస్తారు. రెండోది, రిజిస్ట్రేషన్ వచ్చాక అయిదేళ్ళ మూడు నెలల పాటు ఏ సరుకు మీద మార్కు వాడలేదో, ఆ సరుకును జాబితా నుంచి తీసేయమని ఎవరైనా అడగవచ్చు. కాబట్టి ఇప్పుడు అమ్ముతున్నవీ, రెండు మూడేళ్ళలో నిజంగా అమ్మాలనుకుంటున్నవీ రాయాలి. క్లాస్ 29లో నిల్వ పచ్చళ్ళు. క్లాస్ 30లో కారం పొడులు, మసాలా పొడులు, రేపు సకినాలు చేసే ఆలోచన గట్టిగా ఉంటే బియ్యప్పిండితో చేసిన చిరుతిళ్ళు. అంతకుమించి అక్కర్లేదు.

క్లాసు హద్దు కాదన్న మాట రెండువైపులా పదునున్నది. ఒకే క్లాసులో ఉన్న రెండు సరుకులకు సంబంధం లేకపోవచ్చు. వేరువేరు క్లాసుల్లో ఉన్నవి బాగా దగ్గరివి కావచ్చు. పచ్చడి 29, పొడి 30 అయినంత మాత్రాన, వీళ్ళు పచ్చళ్ళకు రిజిస్టర్ చేయించిన ‘తంగేడు’ను ఇంకొకరు కందిపొడి ప్యాకెట్ మీద వేసుకుని, “మాది వేరే క్లాసు” అంటే చెల్లదు. రెండూ ఒకే కిరాణా కొట్టులో, ఒకే చోట దొరుకుతాయి. కొనేవాళ్ళు ఒకరే. పచ్చళ్ళు చేసేవాళ్ళు పొడులు కూడా చేస్తారని అందరికీ తెలుసు. సరుకు స్వభావం, అది దేనికి పనికొస్తుంది, ఎక్కడ అమ్ముతారు, ఎవరు కొంటారు అన్నవి చూసి దగ్గర, దూరం తేలుస్తారు. అందుకే వెతికేటప్పుడు 29, 30తో పాటు 35, 43 కూడా చూడమనేది.

ఇప్పుడు మూడో ప్రశ్న, అన్నిటికన్నా లోతైనది. రక్షణ ఎంత దూరం పోతుంది? దీనికి జవాబు చెప్పే కేసు బెంగళూరుది. మన ఆంధ్ర భోజనానికి సంబంధించినది కూడా.

కర్ణాటక పాల సమాఖ్య ‘నందిని’ పేరుతో 1985 నుంచి పాలు, పాల పదార్థాలు అమ్ముతోంది. ఆంధ్ర భోజనానికి పేరున్న ‘నంధిని డీలక్స్’ హోటళ్ళు బెంగళూరులో 1989లో మొదలయ్యాయి. తర్వాత ఆ హోటల్ యజమాని తన మార్కును క్లాస్ 29, 30లలో ఆహార పదార్థాలకు రిజిస్టర్ చేయమని అడిగాడు. పాల సమాఖ్య అభ్యంతరం చెప్పింది. రిజిస్ట్రీ హోటల్ వైపు మొగ్గింది. పై అప్పీలు బోర్డు, కర్ణాటక హైకోర్టు సమాఖ్య వైపు మొగ్గాయి. చివరికి 2018 జూలైలో సుప్రీంకోర్టు హోటల్‌కు అనుకూలంగా తీర్పిచ్చింది.

పేర్లు వినడానికి ఒకేలా ఉన్నాయి కదా, మరి ఎందుకలా? కోర్టు చూపిన కారణాలను ఒక్కొక్కటే చూద్దాం. నందిని అనేది సమాఖ్య కల్పించిన మాట కాదు, మన పురాణాల్లో దేవతకూ ఆవుకూ ఉన్న పేరు. హోటల్ మార్కులో డీలక్స్ అనే మాటా, దీపం బొమ్మా ఉన్నాయి. సమాఖ్య మార్కులో ఆవు బొమ్మ ఉంది. చూపుకు రెండూ వేరు. ఒకరిది పాల వ్యాపారం, ఇంకొకరిది హోటల్ వ్యాపారం. హోటల్ మొదలయ్యేనాటికి సమాఖ్య ఆ పేరు పెట్టి నాలుగేళ్ళే అయింది, అప్పటికే ఆ పేరు వినగానే సమాఖ్యే గుర్తొచ్చేంత ప్రఖ్యాతి వచ్చిందని రుజువు కాలేదు. ఒకే క్లాసులో పడ్డంత మాత్రాన మిగతా ఆహార పదార్థాలన్నిటి మీదా సమాఖ్యకు ఏకఛత్రాధిపత్యం రాదని చెబుతూ, పైన చెప్పుకున్న చార్మినార్ తీర్పును కోర్టు మళ్ళీ గుర్తుచేసుకుంది.

అయితే ఒక కంచె కూడా వేసింది. పాలు, పాల పదార్థాల మీద ఆ పేరు వాడబోమని హోటల్ వాళ్ళు ఒప్పుకున్నారు. వాటిని తీసేశాకే రిజిస్ట్రేషన్ ఇమ్మంది. అంటే సమాఖ్య ఏ సరుకుతో జనం నమ్మకం సంపాదించుకుందో, అక్కడ దానికి పూర్తి రక్షణ దక్కింది.

ఈ కేసు నుంచి నేను తీసుకునే సారం ఇది. రక్షణ ఎంత దూరం పోతుందో నిర్ణయించేవి రెండు. పేరు ఎంత ప్రత్యేకమైనది, ఆ పేరుతో మీరు ఎక్కడిదాకా వ్యాపారం చేశారు. లక్ష్మి, బాలాజీ, వెంకటేశ్వర అని పేరు పెడితే మనసుకు నిండుగా ఉంటుంది, కానీ వందల మంది పెట్టుకున్న పేరుకు దక్కే హద్దు చాలా చిన్నది. ‘ఆంధ్ర రుచులు’, ‘తెలంగాణ పచ్చళ్ళు’ లాంటివి సరుకునూ ప్రాంతాన్నీ వర్ణించే మాటలు, అవి అసలు రిజిస్టర్ కావడమే కష్టం. పచ్చడికి తంగేడు పూవుతో సంబంధం లేదు. తినే వస్తువు గురించి ఆ పేరు ఏమీ చెప్పదు. అందుకే అది బలమైన పేరు. అందరికీ తెలిసిన పూవే, అయినా పచ్చళ్ళ వ్యాపారంలో దాన్ని ముందుగా పెట్టుకున్నవాళ్ళకు గట్టి హక్కు వస్తుంది.

అయితే ఆ హక్కు దేనిదాకా? ఎవరైనా ‘తంగెడి’ అని పొడులు అమ్మితే ఆపవచ్చు. ‘తంగేడు కర్రీ పాయింట్’ తెరిస్తే కూడా ఆపగలిగే బలమైన వాదన ఉంటుంది, ఎందుకంటే పచ్చళ్ళవాళ్ళే కూరలు పెట్టారని జనం అనుకుంటారు. అదే క్లాస్ 29లో ఎవరైనా గడ్డకట్టించిన చేపలకు ఆ పేరు పెడితే వాదన బలహీనమవుతుంది. తంగేడు చీరలు, తంగేడు సిమెంటు వస్తే ఆపలేరు. సంబంధం లేని సరుకుల దాకా చేయి చాపగలిగేది దేశమంతా పేరు మోసిన మార్కులే. 1990లలో లోదుస్తుల మీద ‘బెంజ్’ పేరూ, మూడు కోణాల నక్షత్రాన్ని తలపించే మనిషి బొమ్మా వేసి అమ్మినప్పుడు ఢిల్లీ హైకోర్టు ఆపింది. కార్లకూ లోదుస్తులకూ పోలిక లేకపోయినా, ఆ పేరుకున్న ప్రతిష్ఠను వాడుకోవడాన్ని ఒప్పుకోలేదు. ఆ స్థాయి పేరు కొత్త బ్రాండుకు మొదటి రోజునే రాదు.

ఒకే లేబుల్ లోపల కూడా హద్దుంది. సీసా మీద ‘తంగేడు మామిడికాయ తొక్కు’ అని ఉంటే, తంగేడు వరకే హక్కు. మామిడికాయ తొక్కు అన్న మాట లోకం అందరిదీ. లేబుల్ మొత్తాన్ని బొమ్మలా రిజిస్టర్ చేయిస్తే ఆ కలయికకు రక్షణ వస్తుంది, అందులోని ప్రతి ముక్కకూ విడిగా రాదు. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు పేరును మాటగా రిజిస్టర్ చేయించడం మేలు. రేపు లేబుల్ రంగులు మార్చినా, అక్షరాల తీరు మార్చినా ఆ హక్కు అలాగే ఉంటుంది.

దేశం సరిహద్దు కూడా గుర్తుంచుకోవాలి. మన రిజిస్ట్రేషన్ మన దేశానికే. డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువాళ్ళ కోసం అక్కడి దుకాణాలకు సరుకు పంపితే, ఆ దేశంలో విడిగా రక్షణ తీసుకోవాలి. 2013 నుంచి మన దేశం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో ఉంది కాబట్టి ఇక్కడి దరఖాస్తు ఆధారంగా ఒకే ఫారంతో అనేక దేశాలకు దరఖాస్తు పంపవచ్చు. కానీ ఇవ్వాలా వద్దా అన్నది ఆయా దేశాల నిర్ణయమే.

ఇక ఇక్కడి పనులు. దరఖాస్తు ఫారం పేరు టీఎం-ఏ. వ్యక్తులకూ, స్టార్టప్‌లకూ, చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసే. పరీక్ష నివేదికలో అభ్యంతరాలుంటే 30 రోజుల్లో జవాబివ్వాలి. జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలల్లో ఎవరైనా అడ్డుచెప్పవచ్చు. రిజిస్ట్రేషన్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. సర్టిఫికెట్ రాకముందు పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చుగాని, సున్నాలో ఆర్ గుర్తు వేయడం నేరం.

ఫారంలో ఈ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారని అడుగుతారు. అక్కడ నిజమైన తేదీ రాయాలి, దానికి ఆధారాలతో అఫిడవిట్ ఇవ్వాలి. లేబుళ్ళు అచ్చువేసిన బిల్లు, మొదటి అమ్మకం రసీదు, ఆహార భద్రత లైసెన్సు భద్రపరచుకోండి. ఎందుకంటే మన చట్టంలో ముందు రిజిస్టర్ చేసినవాడి కన్నా ముందు నుంచి నిజాయితీగా వాడుతున్నవాడి హక్కు గట్టిది. రిజిస్ట్రీలో కనబడని పేర్లను కూడా చుట్టుపక్కల కిరాణా కొట్లలో, ఆన్‌లైన్ దుకాణాల్లో వెతకమనేది అందుకే.

ఇలా చూసుకుంటే ఆ అక్కచెల్లెళ్ళ దరఖాస్తు చిన్నదిగానే ఉంటుంది. పేరు: తంగేడు, మాటగా. క్లాస్ 29: నిల్వ పచ్చళ్ళు. క్లాస్ 30: కారం పొడులు, మసాలా పొడులు, బియ్యప్పిండి చిరుతిళ్ళు. ఖర్చు 9,000 రూపాయలు. రేపు కర్రీ పాయింట్ నిజంగా మొదలుపెట్టేటప్పుడు 43కు ఇంకో దరఖాస్తు. వాళ్ళు వాడబోనిదాన్ని అడగలేదు కాబట్టి ఎవరూ వచ్చి జాబితా కత్తిరించలేరు. అడిగిన కాస్త చోటులో పోలిన పేరుతో ఎవరు వచ్చినా, తెలిసిన వెంటనే కదిలితే, నిలబడి ఆపగలరు.